సోమవారం పొద్దున ముందు ఏ అంకె చూడాలి?

ఆర్డర్లు పాతిక శాతం పెరిగిన వారంలోనే వ్యాపారానికి మిగిలేది తగ్గిపోవచ్చు. ఆ సంగతి ఓనరుకి సోమవారం పొద్దునే తెలుస్తుందా, మూడు నెలల తర్వాత అకౌంటెంటు లెక్కలు తేల్చినప్పుడు తెలుస్తుందా అన్నది ఒక్క పేజీ మీద ఆధారపడి ఉంటుంది. వారం వారం వ్యాపారం ఎలా నడుస్తోందో ఒక్క చూపులో చెప్పే ఆ పేజీనే డ్యాష్‌బోర్డు అంటున్నాం. చాలా చిన్న కంపెనీల్లో దాన్ని తయారుచేసే పని కొత్తగా చేరిన అనలిటిక్స్ ఇంటర్న్‌ మీద పడుతుంది. గ్రాఫులు గీయడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అన్నిటికంటే పైన ఏ అంకె పెట్టాలో తేల్చుకోవడమే అసలు పని.

విడిగా సూత్రాలు చెప్పుకుంటే పట్టుబడవు కాబట్టి ఒక ఊహా వ్యాపారాన్ని తీసుకుందాం. విజయవాడలో ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, కారప్పొడులు తయారుచేసి సొంత వెబ్‌సైట్లో అమ్ముతారు. కొరియర్లో హైదరాబాదుకీ, బెంగళూరుకీ, చెన్నైకీ పంపుతారు. కొందరు ముందే యూపీఐలో కట్టేస్తారు, కొందరు పార్శిల్ చేతికొచ్చాక డబ్బిస్తారు. మొదటి రకం ప్రీపెయిడ్, రెండోది క్యాష్ ఆన్ డెలివరీ. ఆఫీసులో అందరూ దాన్ని సీఓడీ అంటారు. ఇంటర్న్‌ తన మొదటి డ్యాష్‌బోర్డును గూగుల్ షీట్స్‌లోనే చేస్తుంది. ఈ సైజు వ్యాపారానికి అంతకు మించిన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

గ్రాఫుకు ముందు ప్రశ్న

కొత్తవాళ్లు సాధారణంగా చేతిలో ఉన్న డేటా నుంచి మొదలుపెడతారు. వెబ్‌సైటుకు ఎంతమంది వచ్చారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎన్ని లైకులు, ఎన్ని ఆర్డర్లు, ఎంత అమ్మకం అంటూ దొరికినదల్లా పేజీ మీదకి ఎక్కిస్తారు. పాతిక గడులు తయారవుతాయి, ఎవరూ రెండోసారి తెరవరు.

మొదలుపెట్టాల్సింది మనుషుల దగ్గర. సోమవారం పొద్దున ఆ పేజీ ఎవరు తెరుస్తారు, తెరిచాక ఆ వారంలో ఏం నిర్ణయించగలరు? మన పచ్చళ్ల కంపెనీలో ముగ్గురున్నారు. యాడ్స్ మీద ఈ వారం ఎంత పెట్టాలో ఓనరు తేల్చాలి. ఏ కొరియర్‌కి ఎన్ని పార్శిళ్లు ఇవ్వాలో, ఏ పిన్‌కోడ్లకు సీఓడీ ఆపాలో ప్యాకింగ్ ఇన్‌చార్జి చూసుకోవాలి. ఏ యాడ్ ఆపాలో, ఏది నడపాలో మార్కెటింగ్ చూసే అబ్బాయి నిర్ణయించాలి.

ఇప్పుడు పెట్టాలనుకున్న ఒక్కో అంకెకీ ఒక పరీక్ష. ఇది వచ్చే వారం సగానికి పడిపోతే మీరు చేసే పనిలో ఏం మారుతుంది అని ఆ ముగ్గురినీ అడగాలి.

"వెబ్‌సైటుకొచ్చే జనం సగానికి తగ్గారనుకోండి మేడమ్, ఏం చేస్తారు?" అని ఇంటర్న్‌ అడిగితే, "ఆర్డర్లు తగ్గకపోతే నాకేం పనమ్మా?" అన్నారనుకుందాం. అంటే ఆ అంకె పై వరుసలో ఉండక్కర్లేదు. అదే "సీఓడీ పార్శిళ్లు సగం వెనక్కొస్తున్నాయి" అంటే ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. ఎవరి పనినైనా మార్చే అంకె పైకి వెళ్తుంది, తెలుసుకుంటే బాగుండు అనిపించేది కిందికి వెళ్తుంది, ఎవరికీ అక్కర్లేనిది పేజీలోనే ఉండదు.

పాతిక శాతం పెరుగుదల వెనక

రెండు వారాల లెక్క చూద్దాం. అంకెలు ఊహించినవే గానీ ఇలాంటి వ్యాపారాల్లో తరచూ కనబడే తీరు ఇదే.

మొదటి వారం 800 ఆర్డర్లు వచ్చాయి. అందులో 500 ప్రీపెయిడ్, 300 సీఓడీ. యాడ్స్ మీద 60,000 రూపాయలు పెట్టారు. తర్వాతి వారం ఇంకో 20,000 కలిపి 80,000 పెట్టారు. ఆర్డర్లు 1,000కి చేరాయి. డ్యాష్‌బోర్డు పైన "ఆర్డర్లు" అనే అంకె ఉంటే పచ్చరంగులో 25 శాతం పెరుగుదల కనిపిస్తుంది. ఆఫీసులో అందరికీ టీ చెప్తారు.

ఆ వెయ్యిలో ప్రీపెయిడ్ ఎన్ని? మళ్లీ 500 మాత్రమే. పెరిగిన 200 ఆర్డర్లూ సీఓడీవే. సీఓడీలో పార్శిల్ గుమ్మం దాకా వెళ్లాక "ఇప్పుడొద్దండీ" అనేవాళ్లు ఉంటారు, ఫోనెత్తనివాళ్లు ఉంటారు. అలాంటి పార్శిల్ తిరిగి పంపినవాళ్ల దగ్గరికే వస్తుంది. కొరియర్ భాషలో దాన్ని ఆర్‌టీఓ అంటారు. వెళ్లినప్పటి ఖర్చూ వచ్చినప్పటి ఖర్చూ రెండూ అమ్మినవాళ్ల మీదే పడతాయి. పచ్చడి సీసా అయితే దారిలో నూనె కారిందేమో, మళ్లీ అమ్మడానికి పనికొస్తుందో లేదో చూసుకోవాలి.

మొదటి వారం ప్రీపెయిడ్‌లో 480, సీఓడీలో 225 చేరాయి. మొత్తం 705 చేరి 95 చేరలేదు. రెండో వారం ప్రీపెయిడ్‌లో 485, సీఓడీలో 380 చేరాయి. మొత్తం 865 చేరి 135 చేరలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. యాడ్ ఖర్చు కాకుండా మిగతా ఖర్చులన్నీ పోగా, చేరిన ఒక్కో ఆర్డరు మీద సగటున 150 రూపాయలు మిగులుతుందనీ, చేరని ఒక్కో ఆర్డరు 200 రూపాయల నష్టం తెస్తుందనీ అకౌంటెంటు చెప్పారనుకుందాం. మొదటి వారం 705 ఆర్డర్ల మీద 1,05,750 వచ్చింది. చేరని 95కి 19,000, యాడ్స్‌కి 60,000 తీసేస్తే 26,750 మిగిలింది. రెండో వారం 865 ఆర్డర్ల మీద 1,29,750 వచ్చింది. 27,000, 80,000 తీసేస్తే 22,750 మిగిలింది.

ఆర్డర్లు పాతిక శాతం పెరిగాయి, మిగిలింది మాత్రం నాలుగు వేలు తగ్గింది. అదనంగా చేరిన 160 ఆర్డర్లకు అదనపు యాడ్ ఖర్చు 20,000. అంటే ఒక్కోదానికి 125 రూపాయలు. పెరిగిన 40 రిటర్నుల నష్టం 8,000ను కూడా వాటి మీదే వేస్తే ఒక్కోదానికి ఇంకో 50. మొత్తం 175 పెట్టి 150 సంపాదించారన్నమాట.

అందుకే ఈ కంపెనీ డ్యాష్‌బోర్డు పైన మొదట ఉండాల్సింది ఆర్డర్ల సంఖ్య కాదు. "రిటర్నులు, యాడ్ ఖర్చు పోను మిగిలింది" అన్న అంకె. దాని పక్కన చేరిన ఆర్డర్లు, ఆ పక్కన సీఓడీలో చేరినవి నూటికి ఎన్నో చెప్పే శాతం. మొదటిది ఫలితం చెబుతుంది, మిగతా రెండూ ఆ ఫలితం ఎందుకలా వచ్చిందో చెబుతాయి. ఓనరు నిర్ణయానికి ఈ మూడూ చాలు. మొత్తం అమ్మకం ఎంత అన్న అంకె ఆవిడకు అలవాటైనది కాబట్టి తీసేయక్కర్లేదు, కింది వరుసలోకి దింపితే చాలు.

ఈ లెక్కకూ హద్దులున్నాయి. కొత్తగా వచ్చిన 160 మందిలో కొందరు వచ్చే నెల యాడ్ లేకుండానే మళ్లీ కొనవచ్చు. అప్పుడు ఈ వారం పోయిన నాలుగు వేలు తిరిగి వస్తాయి. వాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారో నెలకోసారి విడిగా చూడాలి, వారం డ్యాష్‌బోర్డు ఆ ప్రశ్నకు జవాబివ్వదు. 150, 200 అన్న అంచనాలు కూడా నూనె ధర, కొరియర్ రేటు మారినప్పుడల్లా మారతాయి. వాటిని ఎప్పుడు, ఎవరు చెప్పారో పేజీ కింద రాసి ఉంచాలి.

ఎప్పుడూ వాలిపోయే చివరి గీత

మిగిలింది ఎంతో చూపాలంటే చేరినవి ఎన్నో తెలియాలి. ఇక్కడే కొత్త ఇంటర్న్‌లు ఎక్కువగా చిక్కుకునే గుంట ఉంది.

సోమవారం పొద్దున గత నాలుగు వారాల డెలివరీ శాతం గీస్తే 88, 87, 79, 41 అని వచ్చిందనుకుందాం. చూసినవాళ్లు కంగారుపడతారు. కొరియర్‌ వాళ్లకు ఫోన్లు వెళ్తాయి. నిజానికి ఏమీ జరగలేదు. నిన్న ఆదివారం వచ్చిన ఆర్డరు ఇంకా ప్యాకింగ్ బల్ల మీదే ఉంది. శుక్రవారం వెళ్లిన పార్శిల్ బెంగళూరు గోడౌన్లో ఉంది. అవి చేరలేదు నిజమే, ఇంకా టైమే రాలేదు.

ఇది నిజమైన పతనమా, టైము తెచ్చిన భ్రమా అని తేల్చడం తేలికే. వచ్చే సోమవారం అదే వారాన్ని మళ్లీ చూడాలి. 41 కాస్తా 80కి చేరి, కొత్తగా వచ్చిన చివరి వారం మళ్లీ నలభైల్లో ఉంటే అది భ్రమే. ప్రతి వారం గ్రాఫు కుడి చివర ఒకేలా కిందికి వాలుతుంటే లోపం లెక్కించే పద్ధతిలో ఉన్నట్టు.

దీనికి మందు, అన్ని వారాలకీ ఒకే గడువు పెట్టడం. పాత ఆర్డర్లు తీసి చూస్తే దాదాపు అన్నీ ఎన్ని రోజుల్లో అటో ఇటో తేలిపోతున్నాయో తెలుస్తుంది. 14 రోజులని తేలిందనుకుందాం. ఇక నుంచి ఆర్డరు వచ్చిన 14 రోజుల్లో చేరితేనే చేరినట్టు. 14 రోజులు నిండని వారాలకు ఆ శాతం చూపించరు, "ఇంకా తేలలేదు" అని బూడిదరంగులో వదిలేస్తారు. ఈ లెక్కన నేటి సోమవారానికి సరిగ్గా తేలిన వారాల్లో తాజాది, నిన్నటితో ముగిసిన వారానికి రెండు వారాల ముందరిది.

"రెండు వారాల పాత అంకెతో నేనేం చేసుకోను?" అని ఓనరు అడుగుతారు, అడగాలి కూడా. అందుకు పేజీలో రెండో వరుస ఉంటుంది. నిన్నటితో ముగిసిన వారానికి ఇప్పుడే తెలిసే సంగతులు అక్కడ పెట్టాలి: ఎన్ని ఆర్డర్లొచ్చాయి, అందులో సీఓడీ వాటా ఎంత, మర్నాటికల్లా కొరియర్‌కి ఇచ్చినవి ఎన్ని, మొదటి ప్రయత్నంలో డెలివరీ కుదరనివి ఎన్ని. ఇవి మన చేతిలో ఉన్న పనులకు దగ్గరి అంకెలు, ఫలితం కంటే ముందే కదులుతాయి. అమెజాన్‌లో పనిచేసిన కోలిన్ బ్రయర్, బిల్ కార్ 2021లో రాసిన 'వర్కింగ్ బ్యాక్‌వర్డ్స్' పుస్తకంలో ఆ కంపెనీ వారపు సమీక్షల గురించి చెబుతూ ఇదే తేడా చూపించారు. అమ్మకం, లాభం లాంటి ఫలితాల కంటే, వాటిని నడిపించే, మనం నేరుగా మార్చగలిగే అంకెల మీదే అక్కడి సమీక్షలో ఎక్కువ సమయం గడుపుతారని రాశారు. మన పచ్చళ్ల కంపెనీలో సీఓడీ వాటా అలాంటి అంకె. అది 37 నుంచి 50 శాతానికి ఎగబాకితే, రెండు వారాల తర్వాత పై వరుసలో ఏం కనబడబోతోందో ఇవాళే ఊహించవచ్చు.

షీటులో దాక్కున్న పొరపాట్లు

అంకెలు ఎంత బాగా ఎంచుకున్నా కింద లెక్క తప్పితే పేజీ అబద్ధమాడుతుంది. గట్టిగా చూసుకోవాల్సినవి మూడు.

మొదటిది వారం ఎక్కడ మొదలవుతుందన్నది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆర్డరు సమయాన్ని యూటీసీలో, అంటే మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉన్న లెక్కలో ఇస్తాయి. సోమవారం తెల్లవారుజామున ఐదున్నర లోపు వచ్చిన ఆర్డరు అక్కడ ఆదివారం కిందే ఉంటుంది, దాంతో పాత వారంలో పడుతుంది. షీటులో `A2` లో ఆ సమయం ఉంటే, `B2` లో మన తేదీ, `C2` లో ఆ వారపు సోమవారం ఇలా వస్తాయి:

```
B2: =INT(A2+TIME(5,30,0))
C2: =B2-WEEKDAY(B2,2)+1
```

సమయం ముందే మన లెక్కలో ఉందో లేదో చూసుకున్నాకే దీన్ని వాడాలి, లేదంటే ఐదున్నర గంటలు రెండుసార్లు కలుస్తాయి. అర్ధరాత్రి తర్వాత మన ఫోన్లోంచే ఒక టెస్ట్ ఆర్డరు పెట్టి, షీటులో ఏ టైము పడిందో చూస్తే తేలిపోతుంది. ఆ టెస్ట్ ఆర్డరును తర్వాత లెక్కలోంచి తీసేయడం మరవకూడదు.

రెండోది వరుసల లెక్క. ఒకే ఆర్డరులో ఆవకాయ, గోంగూర, కారప్పొడి కొంటే చాలా ఎగుమతి ఫైళ్లలో అవి మూడు వరుసలవుతాయి. వరుసలు లెక్కపెడితే ఒక ఆర్డరు మూడవుతుంది. లెక్కించాల్సింది వేర్వేరు ఆర్డరు నంబర్లను, అందుకే ముందుగా ఆర్డరుకు ఒక్క వరుసే ఉండేలా ఇంకో షీటు తయారుచేసుకోవాలి.

మూడోది కాస్త గడుసుది. కొరియర్ ఇచ్చే ఫైల్లో పార్శిల్ స్థితి ఒక కాలమ్‌లో ఉంటుంది. కస్టమరుకు చేరితే `Delivered`. చేరకుండా తిరిగొచ్చి మన గోడౌన్లో దిగితే కొన్ని కంపెనీలు దానికి `RTO Delivered` అని రాస్తాయి. డెలివరీ కుదరకపోతే `Undelivered` అనీ రాస్తారు. "డెలివర్డ్ అన్న మాట ఉన్నవన్నీ లెక్కపెట్టు" అని షీటుకు చెబితే ఈ మూడూ చేరినవాటి కిందే పడతాయి. రిటర్నులు పెరిగినా డెలివరీ శాతం కదలదు. స్థితిని అచ్చంగా సరిపోల్చి, 14 రోజుల గడువు కూడా అక్కడే చూడాలి. `S` లో స్థితి, `D` లో చేరిన తేదీ ఉన్నాయనుకుంటే:

```
=IF(AND(S2="Delivered",D2-B2<=14),1,0)
```

ఈ కాలమ్‌ను వారాల వారీగా కూడితే చేరిన ఆర్డర్లు వస్తాయి. స్థితుల పేర్లు కొరియర్‌కొకలా ఉంటాయి కాబట్టి, ఆ కాలమ్‌లో ఉన్న వేర్వేరు పేర్లన్నీ ఒక జాబితాగా తీసి, ఒక్కోదాని అర్థం ప్యాకింగ్ ఇన్‌చార్జిని అడిగి రాసుకోవాలి. ఆ తర్వాత గుడ్డిగా ఇరవై ఆర్డర్లు ఏరి, వాటిని వెబ్‌సైటులో, కొరియర్ ట్రాకింగులో, కొరియర్ జమచేసిన సీఓడీ డబ్బు లెక్కలో ఒక్కోటిగా పట్టి చూడాలి. మూడు చోట్లా ఒకే కథ ఉంటే లెక్కను నమ్మొచ్చు.

సగటుకు సగటు తీస్తే

మన రెండు వారాల అంకెల్లో ఇంకో వింత ఉంది. ప్రీపెయిడ్ డెలివరీ 96 నుంచి 97 శాతానికి పెరిగింది. సీఓడీ 75 నుంచి 76కి పెరిగింది. రెండూ మెరుగయ్యాయి. మొత్తం మాత్రం 800లో 705, అంటే 88.1 శాతం నుంచి, 1,000లో 865, అంటే 86.5 శాతానికి తగ్గింది.

లెక్కలో తప్పేమీ లేదు. చేరే అవకాశం తక్కువున్న సీఓడీ వాటా పెరగడంతో మొత్తం కిందికి దిగింది. గణాంక శాస్త్రంలో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. మొత్తం ఒక్కటే చూపిస్తే తప్పు కొరియర్‌ మీదకి పోతుంది. రెండు భాగాలూ విడిగా చూపిస్తే, కొరియర్ పని బాగానే ఉందనీ, మారింది ఆర్డర్ల రకమనీ, ఆ రకాన్ని తెచ్చింది కొత్త యాడ్ అనీ తెలుస్తుంది. అందుకే పై వరుసలో మొత్తం డెలివరీ శాతం పెట్టకుండా సీఓడీ శాతం పెట్టాం.

ఇక్కడే ఇంకో తప్పు జరిగే వీలుంది. రెండు శాతాలనూ కూడి రెండుతో భాగిస్తే మొదటి వారానికి 85.5, రెండో వారానికి 86.5 వస్తాయి. అంటే తగ్గిన శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. శాతాల సగటు ఎప్పుడూ తీయకూడదు. పైనున్న అంకెలన్నీ కూడి, కిందున్న అంకెలన్నీ కూడి, అప్పుడు భాగించాలి. షీటులో శాతాలతో పాటు అవి వచ్చిన రెండు అంకెలూ ఉంచుకుంటే ఈ తప్పు జరగదు.

ఏది వార్త, ఏది మామూలే

డ్యాష్‌బోర్డు వచ్చిన కొత్తలో ప్రతి సోమవారం ఒక చర్చ నడుస్తుంది. "పోయిన వారం 76 ఉండేది, ఇప్పుడు 73. ఎందుకు తగ్గింది?" ఇంటర్న్‌ రోజంతా కారణం వెతుకుతుంది. ఏదో ఒకటి దొరుకుతుంది కూడా, ఎందుకంటే ప్రతి వారం ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

ఏ అంకైనా కారణం లేకుండానే కొంత ఊగుతుంది. ఆ ఊగు ఎంతో తెలిస్తే దాన్ని దాటినదాన్నే వార్తగా తీసుకోవచ్చు. వాల్టర్ షూహార్ట్ 1924లో ఫ్యాక్టరీ సరుకు నాణ్యత కోసం కంట్రోల్ చార్టును రూపొందించాడు. ఆ తరహాలోదే వారపు అంకెలకు బాగా సరిపోయే ఒక సులువైన లెక్క ఉంది.

సీఓడీ డెలివరీ శాతం ఎనిమిది వారాల్లో ఇలా ఉందనుకుందాం: 75, 76, 73, 77, 74, 76, 75, 74. సగటు 75. ఒక వారం నుంచి తర్వాతి వారానికి ఉన్న తేడాలు 1, 3, 4, 3, 2, 1, 1. ఈ ఏడింటి సగటు సుమారు 2.14. దాన్ని 2.66తో గుణిస్తే 5.7. సగటుకు అటూ ఇటూ అంత జరిపితే 69.3 నుంచి 80.7 దాకా ఒక పట్టీ వస్తుంది. 2.66 అన్నది ఈ పద్ధతిలో స్థిరంగా వాడే సంఖ్య.

ఈ పట్టీని గ్రాఫులో లేత రంగులో గీస్తే చర్చ మారిపోతుంది. 72 వస్తే మామూలే, ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. 66 వస్తే ఏదో మారింది, వెతకాలి. పట్టీ లోపలే ఉన్నా వరుసగా ఎనిమిది వారాలు సగటుకు ఒకే పక్కన ఉండిపోతే అదీ వెతకాల్సిన విషయమే. మన రెండో వారం 76 శాతం ఈ పట్టీలో దాదాపు మధ్యన ఉంది. కాబట్టి సీఓడీ కస్టమర్లు మారిపోయారని అనలేం. మారింది వాళ్ల సంఖ్యే.

ఎనిమిది వారాలతో గీసిన పట్టీ తాత్కాలికం, పన్నెండు, పదహారు వారాలకు కాస్త నిలదొక్కుకుంటుంది. పండగ వారాలకు మాత్రం ఇది పనికిరాదు. ఆవకాయ ఆర్డర్లు ఎండాకాలంలో ఎగబాకడం అందరికీ తెలిసిందే, అది వార్త కాదు. పోయినేడాది అదే వారంతో పోల్చడం సంక్రాంతికి నప్పుతుంది, అది ఏటా జనవరి నడుమే వస్తుంది కాబట్టి. దసరాకి నప్పదు. విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. తేదీని బట్టి పోలిస్తే పండగ వారాన్ని మామూలు వారంతో పోల్చినట్టవుతుంది. అందుకే గ్రాఫు కింద పండగలు, కొత్త యాడ్లు, ధర మార్పులు, కొరియర్ సమ్మెలు ఏ వారంలో వచ్చాయో ఒక చిన్న వరుసలో రాయాలి.

పేజీ మీద ఏది ఎక్కడ

ఇంతా చేస్తే పేజీ చిన్నదే. అన్నిటికన్నా పైన ఇంటర్న్‌ చేత్తో రాసిన ఒక్క వాక్యం: "ఆర్డర్లు 200 పెరిగాయి, అన్నీ సీఓడీవే; మిగిలింది 26,750 నుంచి 22,750కి తగ్గింది." దాని కింద తేలిన వారపు మూడు అంకెలు, ఒక్కోదాని పక్కన ముందటి వారం అంకె. ఆ కింద తాజా వారపు నాలుగు అంకెలు. తర్వాత పన్నెండు వారాల గీతలు రెండు. ఒకటి మిగిలిన డబ్బుకి, ఇంకోటి పట్టీతో సహా సీఓడీ శాతానికి. కారు మీటర్ల లాంటి గుండ్రటి గేజీలు, పై చార్టులు వద్దు. ఒకే గీటు మీద ఎత్తుపల్లాలను పోల్చినంత కచ్చితంగా కోణాలనూ వైశాల్యాలనూ మన కన్ను పోల్చలేదని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలతో చూపించారు.

అడుగున పిన్‌కోడ్ల పట్టిక, ప్యాకింగ్ ఇన్‌చార్జి కోసం. రిటర్నుల శాతాన్ని బట్టి వరుసపెడితే నాలుగు ఆర్డర్లలో రెండు తిరిగొచ్చిన ఊరు 50 శాతంతో పైకెక్కి కూర్చుంటుంది. పన్నెండు వారాల్లో కనీసం ముప్పై సీఓడీ ఆర్డర్లున్న పిన్‌కోడ్లనే చూపించాలి. శాతం పక్కన రిటర్నుల సంఖ్య కూడా ఉండాలి, ఎందుకంటే డబ్బు పోయేది సంఖ్యను బట్టే. చిట్టచివర ప్రతి అంకె అర్థం ఒక్కో వాక్యంలో, లెక్క ఎప్పుడు తాజా చేశారో తేదీతో.

ఇంత ఉన్నా ఈ పేజీ చెప్పలేనిది ఒకటుంది. సీఓడీ పార్శిల్ వద్దన్నవాళ్లు ఎందుకు వద్దన్నారో అందులో ఉండదు. రావడం ఆలస్యమైందా, యాడ్‌లో చూసిన ధర వేరా, ఆర్డరు పెట్టిన సంగతే మర్చిపోయారా? కొరియర్ ఫైల్లో దీనికి కారణం అని ఒక కాలమ్ ఉంటుంది గానీ అది డెలివరీ బాయ్ హడావిడిలో నొక్కిన బటనే. అందుకే రిటర్నులు పెరిగిన వారంలో ఇంటర్న్‌ ఒక జాబితా తీసి, తిరిగొచ్చిన పదిమందికి ఫోన్ చేయాలి. ఏడుగురు "వారం దాటాక వచ్చిందమ్మా" అంటే పని కొరియర్ దగ్గర. ఏడుగురు "ఊరికే నొక్కి చూశానమ్మా" అంటే పని యాడ్ దగ్గర, లేదా ప్యాక్ చేసే ముందు సీఓడీ వాళ్లకు ఒక ఫోన్ చేసి అడగడం దగ్గర. వచ్చే వారం ఆ రెండిట్లో ఏది చేయాలో ఓనరు అప్పుడు తేలిగ్గా చెప్పగలుగుతారు. చేసింది ఫలించిందో లేదో ఇంకో మూడు సోమవారాల తర్వాత, 14 రోజుల గడువు నిండాక, పై వరుసలోనే కనిపిస్తుంది.